పరికరం మీదికి నెపం నెట్టకండి

భౌతికశాస్త్రం ప్రాక్టికల్ రికార్డు ఏది తెరిచినా చివరి పేజీలో కొన్ని వాక్యాలు తప్పకుండా కనిపిస్తాయి. "ప్రయోగంలో మానవ తప్పిదాలు జరిగి ఉండవచ్చు. మరింత కచ్చితమైన పరికరాలు వాడితే ఇంకా మంచి ఫలితం వస్తుంది. ఎక్కువసార్లు చేస్తే బాగుంటుంది." లోలకం ప్రయోగం కింద ఇవే వాక్యాలు. కటకం నాభ్యంతరం కొలిచినా ఇవే, ఆమ్లాన్ని క్షారంతో తటస్థీకరించినా ఇవే. ఒక రికార్డులోంచి తీసి ఇంకో రికార్డులో అతికించినా ఎవరికీ తేడా తెలియదు. ఏ ప్రయోగానికైనా సరిపోయే వాక్యం ఏ ప్రయోగం గురించీ ఏమీ చెప్పడం లేదనే అర్థం.

కేంబ్రిడ్జి ఇంటర్నేషనల్ వారి ఏఎస్ స్థాయి ఫిజిక్స్ ప్రాక్టికల్ పరీక్షలో దీనికోసం ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. ప్రయోగం ముగిశాక అందులోని నాలుగు పరిమితులు, వాటికి నాలుగు మెరుగుదలలు రాయాలి. మొత్తం 40 మార్కుల పేపర్లో ఈ భాగానికే 8 మార్కులు. ఏ రాశిని కొలవడంలో ఇబ్బంది వచ్చిందో, దానికి కారణమేమిటో కూడా రాయాలని ప్రశ్నలోనే చెబుతారు. "మంచి పరికరాలు వాడాలి", "మానవ తప్పిదం" అని రాస్తే అక్కడ మార్కు పడదు. హైదరాబాదులో ఆ సిలబస్ చదివే పిల్లలు చాలామంది ఫార్ములాలు, గ్రాఫులు బాగానే వేసి, సరిగ్గా ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. మన ఇంటర్, డిగ్రీ రికార్డుల్లో "జాగ్రత్తలు" అనే శీర్షిక కింద ఏళ్ల తరబడి ఒకరి నుంచి ఒకరు దించుకుంటున్నదీ ఇదే సరుకు. పరీక్ష ఏదైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ ప్రయోగంలో, ఈ టేబుల్ దగ్గర, ఏ కొలత ఎంత మేర నమ్మదగనిది, ఎందుకు?

దీన్ని మనందరికీ తెలిసిన లోలకం ప్రయోగంతోనే చూద్దాం. దారానికి ఇత్తడి గుండు కట్టి, చీల్చిన కార్కు మధ్య దారాన్ని బిగించి, స్టాండుకి వేలాడదీస్తాం. పొడవు కొలుస్తాం. 20 ఊపులకు ఎంత సమయం పట్టిందో స్టాప్‌వాచితో చూసి, 20తో భాగించి ఒక ఊపు కాలం కనుక్కుంటాం. తర్వాత ఈ సూత్రంతో గురుత్వ త్వరణం వస్తుంది:

g = 4π²L / T²

ఒక విద్యార్థినికి ఈ రీడింగులు వచ్చాయనుకుందాం. కార్కు కింది అంచు నుంచి గుండు మధ్య బిందువు దాకా పొడవు 100.0 సెం.మీ. 20 ఊపులకు మూడుసార్లు కొలిచిన కాలం 40.1, 40.3, 40.5 సెకన్లు. సగటు 40.3, అంటే ఒక ఊపుకి 2.015 సెకన్లు. సూత్రంలో వేస్తే g విలువ 9.72 వస్తుంది. పుస్తకంలో 9.81 అని ఉంది. తేడా ఎందుకొచ్చిందని రాయమంటే చేయి అలవాటుగా "స్కేలు, స్టాప్‌వాచి అంత కచ్చితమైనవి కావు" అనే వాక్యం వైపే పోతుంది. అది రాసేముందు ఒక చిన్న లెక్క చేయాలి.

ఆమె కొలిచినవి రెండే, పొడవు, కాలం. పొడవు విషయంలో మీటరు స్కేలు మీద ఒక్కో గీత ఒక మిల్లీమీటరు. కార్కు అంచున స్కేలు సరిగ్గా ఆనించడంలోనూ, గుండు మధ్య బిందువు ఎక్కడుందో చూడడంలోనూ కలిపి 2 మి.మీ. దాకా అటూ ఇటూ కావచ్చు. వెయ్యి మిల్లీమీటర్లలో రెండు అంటే 0.2 శాతం. కాలం విషయంలో మూడు రీడింగులూ సగటుకి అటూ ఇటూ 0.2 సెకన్లు చెదిరాయి. 40 సెకన్లలో 0.2 అంటే 0.5 శాతం. సూత్రంలో కాలం వర్గంగా ఉంది కాబట్టి దాని ప్రభావం రెట్టింపై 1 శాతం అవుతుంది. రెండూ కలిపితే 1.2 శాతం. కాబట్టి ఆమె జవాబు 9.72, అటూ ఇటూ 0.12. ఇందులో ఆరింట అయిదు వంతులు కాలం కొలత నుంచే వచ్చింది.

ఇప్పుడు "మరింత కచ్చితమైన పరికరం" అన్న సలహాని ఈ లెక్క ముందు పెట్టి చూడండి. స్కేలు బదులు ఏ మచ్చా లేని కొలత సాధనం ఎక్కడినుంచో తెచ్చామనుకోండి. పొడవు అనిశ్చితి పూర్తిగా పోయినా మొత్తం 1.2 నుంచి 1.0కి మాత్రమే దిగుతుంది. చాలామంది "పొడవుని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవాలి" అని రాస్తారు. మన ల్యాబుల్లో ఉండే వెర్నియర్ దవడలు పదిహేను సెంటీమీటర్లకు మించి తెరుచుకోవు. మీటరు దారాన్ని దాంతో కొలవడం కుదరదు. గుండు వ్యాసం కొలవడానికి అది సరైన సాధనమే. అయితే అక్కడ ఆదా అయ్యేది మిల్లీమీటరులో పదో వంతు, మీటరు పొడవు ముందు దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

స్టాప్‌వాచి సంగతీ అంతే. చవక డిజిటల్ వాచి కూడా సెకనులో నూరో వంతు చూపిస్తుంది. ఆమె రీడింగులు చెదిరింది పదుల వంతుల్లో. గుండు అక్కడికి చేరిందని కన్ను చూడాలి, మెదడు నిర్ణయించాలి, బొటనవేలు నొక్కాలి. ఆ మొత్తానికి సెకనులో ఒకటి రెండు పదుల వంతులు పడుతుంది, అది ప్రతిసారీ ఒకేలా ఉండదు. వాచి వెయ్యో వంతు చూపించినా వేలు మారదు. కాబట్టి పరికరం మార్చమన్న సలహా ఇక్కడ రెండు చోట్లా తప్పే.

మరి ఏం చేయాలి? వేలు వల్ల వచ్చే 0.2 సెకన్లు మొదట్లో, చివర్లో మాత్రమే చేరతాయి. మధ్యలో ఎన్ని ఊపులున్నా దానికి సంబంధం లేదు. 20 బదులు 50 ఊపులు లెక్కపెడితే కాలం దాదాపు 100 సెకన్లు అవుతుంది. అదే 0.2 ఇప్పుడు 0.2 శాతమే, వర్గం వల్ల రెట్టింపై 0.4. పొడవుతో కలిపితే 0.6. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, ఒక్క కొత్త వస్తువు తేకుండా అనిశ్చితి సగానికి పడిపోయింది. 100 ఊపులకు వెళితే కాలం వంతు 0.2 శాతానికి దిగి, పొడవు వంతుతో సమానమవుతుంది. అప్పుడు, అప్పుడే, పొడవుని ఇంకా జాగ్రత్తగా కొలవడంలో అర్థం ఉంటుంది. మెరుగుదల ఎక్కడ వెతకాలో ఈ లెక్కే చూపిస్తుంది. అంకెలు లేకుండా రాసిన సలహా ఊహ మాత్రమే.

ఈ సలహాకీ ఒక హద్దు ఉంది, మంచి రికార్డులో అదీ కనిపించాలి. 100 ఊపులంటే మూడు నిమిషాల ఇరవై సెకన్లు. అంతసేపట్లో లెక్క తప్పే ప్రమాదం పెరుగుతుంది. నూటిలో ఒక్కటి తప్పితే కాలంలో 1 శాతం, g విలువలో 2 శాతం పోతుంది, అంటే సంపాదించినదంతా పోయి ఇంకా అప్పు మిగులుతుంది. అందుకే 50 ఊపులు చొప్పున మూడుసార్లు తీయడం నాకు మేలనిపిస్తుంది. లెక్క ఒకచోట తప్పితే ఆ రీడింగు మిగతా రెంటికీ రెండు సెకన్ల దూరంలో నిలబడి తనే పట్టిచ్చుకుంటుంది.

రెండో మెరుగుదల ఇంకా చిన్నది. వాచి ఎక్కడ నొక్కుతున్నాం? చాలామంది గుండు ఒక పక్క చివరికి వెళ్లి ఆగినప్పుడు నొక్కుతారు. ఆగింది కదా, స్పష్టంగా కనిపిస్తుందని అనుకుంటారు. నిజానికి ఆగినచోటే క్షణం మసకగా ఉంటుంది. మీటరు లోలకాన్ని 10 సెం.మీ. పక్కకి లాగి వదిలితే, చివరి స్థానానికి ఒక మిల్లీమీటరు లోపల గుండు దాదాపు 0.09 సెకను సేపు ఉంటుంది. ఆ సేపంతా కంటికి అది ఆగినట్టే కనిపిస్తుంది. అదే గుండు మధ్యలో సెకనుకి 31 సెం.మీ. వేగంతో పోతుంది. ఒక మిల్లీమీటరు దాటడానికి దానికి 0.003 సెకను చాలు. కంటికి ఒక మిల్లీమీటరు తడబాటు ఉందనుకుంటే, చివరలో కంటే మధ్యలో ఆ తడబాటు కాలంలోకి ముప్పై రెట్లు తక్కువగా దిగుతుంది. కాబట్టి దారం నిశ్చలంగా వేలాడే స్థానానికి సరిగ్గా వెనక, తెల్ల కాగితం మీద నిలువు గీత గీసి నిలబెట్టాలి. గుండు ఆ గీతని ఒకే దిశలో దాటినప్పుడల్లా లెక్కపెట్టాలి. వాచి నొక్కేటప్పుడు "ఒకటి" అనకుండా "సున్నా" అనాలి.

ఆ సున్నా గురించి ఒక మాట. "ఒకటి" అని మొదలుపెట్టినవాళ్లు 20 అనేసరికి నిజంగా 19 ఊపులే అయ్యుంటాయి. అప్పుడు g విలువ పదకొండు శాతం దాకా పెరిగి 10.8 దగ్గర వస్తుంది. మీ జవాబు 10.8 చుట్టుపక్కల ఉంటే కారణం వెతుక్కోనక్కర్లేదు, లెక్క ఒకటితో మొదలైంది. ఇలాంటిది పరిమితి కిందికి రాదు. ఇది పొరపాటు. పొరపాటుని రికార్డులో రాయకూడదు, మళ్లీ చేసి సరిదిద్దాలి. ప్రయోగాన్ని ఎంత శ్రద్ధగా చేసినా మిగిలిపోయేదే పరిమితి. "మానవ తప్పిదం" అన్న మాట ఈ రెంటినీ ఒకే మూటలో కడుతుంది కాబట్టే దానికి మార్కు పడదు.

పొడవు వైపు తప్పు ఇంకో రకంగా వస్తుంది, దాన్ని పట్టుకునే పద్ధతి నాకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఒక విద్యార్థి పొడవుని గుండు మధ్య దాకా కొలవకుండా దారం గుండుని తాకే చోటుదాకానే కొలిచాడనుకుందాం. గుండు వ్యాసార్ధం 1.1 సెం.మీ. కాబట్టి అతను రాసిన ప్రతి పొడవూ 1.1 సెం.మీ. తక్కువ. కాలం అతను తప్పులేకుండా కొలిచాడనీ, అక్కడి అసలు g విలువ 9.78 అనీ అనుకుందాం. 100 సెం.మీ. అని రాసిన చోట g విలువ 9.67 వస్తుంది. 80 దగ్గర 9.65, 60 దగ్గర 9.60, 40 దగ్గర 9.52. అన్నీ తక్కువే, అయినా ఒక్కో పొడవుకీ ఒక్కోలా తక్కువ. దారం పొట్టిదయ్యే కొద్దీ జవాబు దిగిపోతోంది. వేలు తడబాటు ఇలా వరసగా దిగదు, అటూ ఇటూ చిందరవందరగా పడుతుంది. ఈ వరస కనిపిస్తే ప్రతి పొడవులోనూ ఒకే మొత్తం లోటు ఉందని అర్థం.

ఇప్పుడు నాలుగు జవాబుల సగటు తీస్తే తప్పూ సగటవుతుంది, పోదు. "ఎక్కువసార్లు చేసి సగటు తీయాలి" అన్న మామూలు సలహా ఇక్కడ పనికిరాదు. దాని బదులు పొడవుని అడ్డంగా, కాలం వర్గాన్ని నిలువుగా వేసి గ్రాఫు గీస్తే బిందువులన్నీ ఒకే సరళరేఖ మీద పడతాయి. ఆ రేఖ మూలబిందువు గుండా పోదు, పొడవు అక్షాన్ని సున్నాకి ఎడమవైపు 1.1 సెం.మీ. దగ్గర తాకుతుంది. తప్పు ఎంతో గ్రాఫే చెప్పేసింది. రేఖ వాలు మాత్రం చెక్కుచెదరలేదు, ఎందుకంటే అన్ని పొడవులూ ఒకే మేర పక్కకి జరిగాయి. ఆ వాలు నుంచి g లెక్కిస్తే 9.78 వచ్చేస్తుంది. దారం కార్కులోంచి ఏ బిందువు దగ్గర వంగుతోందో సరిగ్గా తెలియకపోయినా, కొక్కెం పొడవుని మర్చిపోయినా ఇదే మందు. కాబట్టి మెరుగుదల కింద రాయాల్సిన వాక్యం ఇది: "40 నుంచి 100 సెం.మీ. దాకా కనీసం ఆరు పొడవులకు కాలం కొలిచి, కాలం వర్గానికీ పొడవుకీ గ్రాఫు గీసి, g విలువని వాలు నుంచి లెక్కించాలి. వేలాడే బిందువు విషయంలో ఉన్న తెలియని తేడా అంతరఖండంలోకి పోతుంది, వాలుని తాకదు." ఇందులో కొత్త పరికరం ఒక్కటీ లేదు.

గుండుని ఎంత దూరం లాగి వదిలారన్నది మూడోది. మనం వాడే సూత్రం చిన్న కోణాలకే సరిపోతుంది. 5 డిగ్రీల దగ్గర దాని వల్ల g విలువలో తేడా 0.1 శాతమే. 10 డిగ్రీల దగ్గర 0.4. 30 డిగ్రీలకు లాగితే మూడు శాతం దాటుతుంది, పైగా అది ఎప్పుడూ జవాబుని తగ్గించే వైపే. మీటరు దారానికి 5 డిగ్రీలంటే పక్కకి 9 సెం.మీ. కూడా కాదు. కంటికి అది మరీ తక్కువగా అనిపించి పిల్లలు ఇంకాస్త లాగుతారు. "కోణం తక్కువగా ఉండాలి" అని రాయడం కంటే, గుండు కింద టేబుల్ మీద స్కేలు పెట్టి 8 సెం.మీ. గీత దగ్గర వదలాలని రాయడం మేలు. పొడవు మారిస్తే ఈ గీతా మారాలి, 40 సెం.మీ. దారానికి మూడున్నర సెంటీమీటర్లే హద్దు.

ఇక గాలి. "గాలి నిరోధం వల్ల తేడా వచ్చింది, శూన్యంలో చేయాలి" అనే వాక్యం ఎందుకంత ప్రచారంలో ఉందో నాకు అర్థం కాదు. ఇత్తడి గుండుని గాలి పైకి నెట్టే బలం దాని బరువులో పదివేల వంతుల్లో ఒకటిన్నర కూడా ఉండదు. ఊపు క్రమంగా తగ్గిపోవడానికి గాలే కారణం, నిజమే. అయినా ఒక్కో ఊపుకి పట్టే కాలాన్ని అది మార్చేది లెక్కలోకి రానంత తక్కువ. 1.2 శాతం అనిశ్చితి ఉన్న ప్రయోగంలో 0.014 శాతం గురించి రాసి, దానికి ఏ కాలేజీ ల్యాబులోనూ దొరకని శూన్యపు గదిని మందుగా సూచించడం రెండు విధాలా తప్పు. ఇత్తడి గుండు బదులు టేబుల్ టెన్నిస్ బంతి వేలాడదీస్తే మాత్రం మాట వేరు. అది అంత తేలిక కాబట్టి గాలి ప్రభావం రెండు శాతం దాకా పోతుంది. అప్పుడు గాలి గురించి తప్పకుండా రాయాలి. దానికి మెరుగుదల, బంతి తీసి ఇత్తడి గుండు కట్టడం.

గాలిని నిందించేవాళ్లు తరచుగా చూడనిది స్టాండు. గుండు అటూ ఇటూ ఊగుతున్నప్పుడు స్టాండు పైభాగం కూడా దాంతో కొద్దిగా ఊగుతుంది. అప్పుడు లోలకం ఉన్నదానికంటే కాస్త పొడవైనదానిలా ప్రవర్తిస్తుంది, కాలం పెరుగుతుంది, జవాబు తగ్గుతుంది. ఇది పిల్లల ల్యాబులకే పరిమితమైన సమస్య అనుకోకండి. 1870ల్లో అమెరికా తీర సర్వేలో పనిచేసిన చార్ల్స్ పీర్స్ ఐరోపాలో గురుత్వాన్ని కొలుస్తున్నాడు. అతని చేతిలో ఉన్నది జర్మనీలో రెప్‌సోల్డ్ సంస్థ చేసిన తిరగేసే లోలకం, ఆ కాలంలో దొరికేవాటిలో మేలైన పరికరం. అంతకంటే కచ్చితమైనది కావాలని అడగడానికి అతనికి మార్గమే లేదు. పీర్స్ తన చూపుని లోలకం మీద నుంచి దాన్ని మోస్తున్న స్టాండు మీదికి మళ్లించాడు. అది లోలకంతో పాటు వంగుతోందని గుర్తించి, ఎంత వంగుతోందో విడిగా కొలిచి, ఆ మేరకు ఫలితాన్ని సవరించాడు. ఐరోపా భూమాపన శాస్త్రజ్ఞులు మొదట దీన్ని అంతగా పట్టించుకోలేదు. 1877లో ష్టుట్‌గార్ట్‌లో జరిగిన సమావేశంలో అతను లెక్కలతో సహా ముందు పెట్టాక ఒప్పుకున్నారు. అప్పటిదాకా ఆ రకం స్టాండు మీద తీసిన కొలతల్ని సవరించుకోవాల్సి వచ్చింది. ఏ భాగం, ఏ వైపు, ఎంత అన్న మూడు విషయాలూ చెప్పాడు కాబట్టే అతని మాట నిలబడింది.

మన ల్యాబులో దీన్ని పరీక్షించడం సులువు. లోలకం ఊగుతుండగా స్టాండు పైకొసకి ఎదురుగా ఒక పెన్సిలు మొన తాకీ తాకనట్టు నిలపండి. కొస దానికి తగిలి వదులుతుంటే స్టాండు ఊగుతున్నట్టే. స్టాండు పీఠాన్ని క్లాంపుతో టేబుల్‌కి బిగించి, లేదా దాని మీద రెండు ఇటుకలు పెట్టి మళ్లీ కాలం తీయండి. కాలం మారకపోతే స్టాండు నిర్దోషి, దాని గురించి రాయనక్కర్లేదు. మారితే, ఎంత మారిందో ఆ అంకెతో సహా రాయండి.

ఎలక్ట్రానిక్ సాధనాలు రాయనే కూడదా అంటే, రాయవచ్చు, రాసే తీరులో రాస్తే. "సెన్సార్లు వాడాలి" అంటే చాలదు. "గుండు నిశ్చలంగా వేలాడే చోట లైట్ గేటు పెట్టి, అది కాంతిని అడ్డిన మొదటిసారి నుంచి మూడోసారి దాకా కాలాన్ని టైమర్‌తో కొలవాలి" అంటే అది మెరుగుదల. పరికరం పేరు, అది ఎక్కడ ఉండాలి, దాంతో కొలిచేదేమిటి, మూడూ ఉన్నాయి. మొదటిసారి నుంచి రెండోసారి దాకా కొలిస్తే అర ఊపే వస్తుందన్న సంగతి రాసినవారికి తెలుసనీ అర్థమవుతోంది. సెల్‌ఫోన్ వీడియో తీస్తే అదీ సరే, కాని మామూలు వీడియోలో సెకనుకి 30 చిత్రాలే ఉంటాయి, అంటే ఒక్కో చిత్రానికీ మధ్య 0.033 సెకను. వేలి తడబాటు కంటే అది నయమే, కాకపోతే 50 ఊపులతో ఉచితంగా వచ్చే లాభం దగ్గర దీని అవసరం చిన్నది. లైట్ గేటు లేని కాలేజీలో లైట్ గేటు పేరు రాయడం కంటే, వచ్చే వారం ఇదే టేబుల్ దగ్గర చేయగలిగింది రాయడమే నా దృష్టిలో మేలైన జవాబు.

పోల్చి చూసే అంకె గురించి కూడా చెప్పాలి. పిల్లలు తమ జవాబుని 9.81తో పోల్చి "లోపం శాతం" లెక్కిస్తారు. ఆ అంకె ఐరోపా అక్షాంశాలకు సరిపోయేది. గురుత్వం భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83. 1672లో జాఁ రిషే పారిస్‌లో సరిచూసిన గడియారాన్ని దక్షిణ అమెరికాలోని కయెన్‌కి తీసుకెళితే అది రోజుకి దాదాపు రెండున్నర నిమిషాలు వెనకబడింది. గడియారం మంచిదే, అక్కడి గురుత్వమే తక్కువ. హైదరాబాదు అక్షాంశం, ఎత్తు లెక్కలోకి తీసుకుంటే ఇక్కడ g సుమారు 9.78. అంటే ఇక్కడి విద్యార్థి లోపమేమీ లేకుండా కొలిచినా, 9.81తో పోల్చిన పాపానికి 0.3 శాతం "లోపం" మూటగట్టుకుంటాడు. అది లేనే లేని లోపం, దానికి కారణాలు వెతికి రాసేవన్నీ కల్పనలే. మనం మొదట చూసిన విద్యార్థిని జవాబు 9.72, అటూ ఇటూ 0.12. ఇక్కడి అసలు విలువ 9.78 ఆ హద్దుల్లోనే ఉంది. ఆమె ప్రయోగం తప్పు కాలేదు. దానికున్న సందేహం ఎంతో చెప్పి, దాన్ని తగ్గించే దారి చూపితే సరిపోతుంది.

ఆ అమ్మాయి రికార్డులో ఆ చివరి పేజీ ఇలా ఉండవచ్చు:

"20 ఊపుల కాలం మూడు రీడింగుల్లో 40.1 నుంచి 40.5 సెకన్ల దాకా మారింది. గుండు చివరి స్థానంలో ఆగినప్పుడు వాచి నొక్కాము. అక్కడ గుండు వేగం దాదాపు సున్నా కాబట్టి ఆ క్షణం స్పష్టంగా తెలియలేదు. దీని వల్ల g విలువలో 1 శాతం అనిశ్చితి వచ్చింది. పొడవు కొలత వల్ల వచ్చింది 0.2 శాతం. మెరుగుదల: మధ్య స్థానం వెనక నిలువు గీత పెట్టి, గుండు దాన్ని ఒకే దిశలో దాటేటప్పుడు వాచి నొక్కి 50 ఊపులు లెక్కించాలి. దీంతో మొత్తం అనిశ్చితి 0.6 శాతానికి తగ్గాలి. ఒకే పొడవు మీద ఆధారపడకుండా ఆరు పొడవులకు గ్రాఫు గీసి వాలు వాడాలి, దారం కార్కులో ఏ బిందువు దగ్గర వంగుతోందో కచ్చితంగా తెలియలేదు కాబట్టి."

ఇందులో పెద్ద మాటలేమీ లేవు. ప్రయోగం చేయనివారు మాత్రం దీన్ని రాయలేరు. కాపీ కొట్టినా పక్క టేబుల్ వారికి పనికిరాదు, వాళ్ల రీడింగులు వేరు కాబట్టి.

ఈ మార్పు పిల్లల చేతిలో సగమే ఉంది. "కచ్చితమైన పరికరాలు వాడాలి" అన్న వాక్యానికి ఎర్ర సిరాతో టిక్కు పడుతున్నంత కాలం వాళ్లు అదే రాస్తారు, రాయకపోతే ఆశ్చర్యపోవాలి. రికార్డులు దిద్దే లెక్చరర్లకు నా విన్నపం ఇది. ఈ ఏడాది లోలకం ప్రయోగం ఒక్కదానిలోనైనా ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టకండి. "ఏ కొలత? ఎంత శాతం?" అని రాసి వెనక్కి ఇవ్వండి. జవాబు లెక్కించి తెచ్చాక, ఆ విద్యార్థి రాసిన మెరుగుదలని అతనితోనే ఒకసారి చేయించండి. దానికి కావలసిన దారం, గుండు, తెల్ల కాగితం మీ ల్యాబులో ఇప్పటికే ఉన్నాయి.